అనంతపురం గాలికి 112: ఆ అంకెను మీరే లెక్కగట్టడం ఎలా?

ఫోను తెరిస్తే అనంతపురం వాయు నాణ్యత సూచీ 112 అని, పక్కన పసుపు రంగు కనిపించిందనుకోండి. ఆ 112 దేని కొలత? గాలిలో ఉన్న దుమ్ము బరువా, శాతమా? రెండూ కావు. 112ను కొలిచే యంత్రం ఎక్కడా లేదు. యంత్రాలు దుమ్మును, వాయువులను వేటికవి విడివిడిగా కొలుస్తాయి. ఆ కొలతలన్నిటినీ 0 నుంచి 500 వరకు ఉన్న ఒకే కొలబద్ద మీదికి తెచ్చి, వాటిలో అన్నిటికంటే పెద్ద అంకెను ఏరుకుంటే వచ్చేదే సూచీ. మిగతావాటికి ఆ రోజు తుది అంకెలో చోటుండదు.

ఈ పనికి కాగితం, పెన్ను, కూడికలు భాగహారాలు చేసే ఓపిక ఉంటే చాలు. ఇక్కడ చూపించేది 2014లో మొదలైన మన జాతీయ సూచీ పద్ధతి, అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాడేది. లెక్క కోసం నేను తీసుకున్న అంకెలు ఉదాహరణలే తప్ప ఫలానా తేదీన నమోదైనవి కావు. అయితే జూన్, జులై నెలల్లో రామగిరి వైపు గాలిమరలు ఆగకుండా తిరిగే రోజుల్లో, వాన పడని పొలాల మీదుగా, తారు లేచిపోయిన రోడ్ల మీదుగా ఎర్రమట్టి ఊళ్లోకి ఎగిరొచ్చే అనంతపురాన్ని మనసులో పెట్టుకునే వాటిని ఎంచుకున్నాను.

మొదట అంకెలు తెచ్చుకోండి

మీకు కావలసింది సూచీ కాదు, దాని వెనక ఉన్న మోతాదులు. కేంద్ర మండలి వెబ్‌సైటులో గాలిని కొలిచే ప్రతి కేంద్రానికీ గంట గంటకూ నమోదైన కొలతలు దొరుకుతాయి. మీ ఊరి కేంద్రాన్ని ఎంచుకుని, ఒక రోజుకు సంబంధించిన 24 గంటల అంకెలను దించుకోండి. పీఎం 10, పీఎం 2.5 అనే దుమ్ము కొలతలు, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా ఉంటే చాలు. పద్ధతిలో ఎనిమిదోదిగా సీసం కూడా ఉంది. కానీ దాన్ని వడపోత కాగితం మీద పోగుచేసి ప్రయోగశాలలో పరీక్షించాలి కాబట్టి రోజువారీ సూచీలో అది కనిపించదు.

ఇక్కడే చాలామంది తడబడతారు. సూచీ చూపించే పేజీలో ఒక్కో కాలుష్యకం పక్కన సగటు, కనిష్ఠం, గరిష్ఠం అని ఉండేవి మోతాదులు కావు. వాటిని అప్పటికే కొలబద్ద మీదికి మార్చేశారు. వాటినే మోతాదులనుకుని మళ్లీ మారిస్తే మీ లెక్కకు, వాళ్ల లెక్కకు పొంతన ఉండదు. గుర్తుపట్టడం తేలికే. అంకె పక్కన ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అనే కొలమానం ఉంటే అది మోతాదు, ఏ కొలమానమూ లేకపోతే అది సూచీ.

కొలమానాల్లో ఇంకో మెలిక ఉంది. అన్నీ మైక్రోగ్రాముల్లో ఉంటే, కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దించుకున్న పట్టికలో నైట్రోజన్ పేరుతో మూడు నిలువు వరుసలు కనిపిస్తాయి: నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఇవి రెండూ కలిసినది. మనకు కావలసింది డయాక్సైడ్ మాత్రమే. రెండూ కలిసిన వరుస వేరే కొలమానంలో ఉంటుంది, దాని జోలికి పోకండి.

తర్వాత ఏరివేత, సగటు

సగటు తీసే ముందు అంకెల మీద ఒకసారి కన్ను వేయండి. పీఎం 10 అంటే పది మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులన్నీ. పీఎం 2.5 అందులో ఒక భాగమే. కాబట్టి ఏ గంటలోనైనా పీఎం 2.5 అంకె పీఎం 10ను మించితే రెండు యంత్రాల్లో ఒకటి తప్పు చెబుతోందన్నమాట, ఆ గంటను పక్కన పెట్టండి. ఒకే అంకె దశాంశంతో సహా వరసగా ఐదారు గంటలు మారకుండా ఉంటే యంత్రం బిగుసుకుపోయినట్టు. గాలి అంత నిలకడగా ఎప్పుడూ ఉండదు. సున్నా కంటే తక్కువ అంకెలు కనిపించినా తీసేయండి.

ఇలా తీసేయగా కనీసం 16 గంటల అంకెలు మిగలాలి. అంతకంటే తగ్గితే ఆ కాలుష్యకానికి ఆ రోజు లెక్క లేనట్టే. మొత్తం మీద కనీసం మూడు కాలుష్యకాలకైనా లెక్క కుదరాలి, అందులో ఒకటి తప్పకుండా పీఎం 10 గానీ పీఎం 2.5 గానీ అయి ఉండాలి. ఈ నియమం ఎందుకు పెట్టారో చివరికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

మిగిలిన గంటలన్నిటినీ కూడి, గంటల సంఖ్యతో భాగించండి. ఓజోన్, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఇందుకు మినహాయింపు. వాటికి వరసగా ఎనిమిది గంటల సగటులు తీసుకుంటూ పోయి, ఆ రోజు వచ్చిన సగటుల్లో పెద్దదాన్ని తీసుకోవాలి. ఓజోన్ ఎండ కాచే వేళ పుట్టి రాత్రికి తగ్గిపోతుంది. రోజంతటికీ సగటు తీస్తే మధ్యాహ్నపు తీవ్రత చీకట్లో కలిసిపోతుంది.

సగటు అంకెను ఎంత మారుస్తుందో ఒకసారి చూడండి. కేంద్రం పక్క వీధిలో రోడ్డు తవ్వారు, రెండు గంటల పాటు పీఎం 10 మోతాదు 600 చూపించింది. మిగతా 22 గంటలు 90 చొప్పున ఉంది. 22ను 90తో గుణిస్తే 1,980, దానికి 1,200 కలిపితే 3,180, దాన్ని 24తో భాగిస్తే 132.5. ఆ 600ను చూసి వాట్సాప్‌లో కంగారు సందేశాలు తిరిగి ఉంటాయి, కానీ రోజు లెక్కలో అది 132.5గా తేలుతుంది. ఆ రెండు గంటలు అక్కడే బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నవాడు పీల్చింది మాత్రం 600 గాలే. సూచీ రోజు గురించి చెబుతుంది, గంట గురించి కాదు.

కొలబద్ద

పది మైక్రోగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్, పది మైక్రోగ్రాముల సన్నటి దుమ్ము ఒంటికి చేసే చెరుపు ఒకటి కాదు. అందుకే ఒక్కోదానికి ఒక్కో మెట్ల వరుస పెట్టారు. మనకు ఎక్కువగా పనికొచ్చే రెండింటివి ఇవి:

| సూచీ | స్థాయి | పీఎం 10 | పీఎం 2.5 |
|---|---|---|---|
| 0–50 | బాగుంది | 0–50 | 0–30 |
| 51–100 | సంతృప్తికరం | 51–100 | 31–60 |
| 101–200 | మధ్యస్థం | 101–250 | 61–90 |
| 201–300 | పేలవం | 251–350 | 91–120 |
| 301–400 | మరీ పేలవం | 351–430 | 121–250 |
| 401–500 | తీవ్రం | 430 పైన | 250 పైన |

ఈ పట్టికలో కంఠస్థం చేయదగ్గది ఒక్కటే: సూచీలో 100 దగ్గర ఏముందో. పీఎం 10కు 100, పీఎం 2.5కు 60. ఇవి 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల్లో ఒక రోజుకు పెట్టిన హద్దులు. నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్‌లకు 80 చొప్పున, ఓజోన్‌కు 100, కార్బన్ మోనాక్సైడ్‌కు 2 మిల్లీగ్రాములు, అమ్మోనియాకు 400. వేటి హద్దు వాటిదే అయినా, అన్ని హద్దులనూ తెచ్చి 100 అనే ఒకే గీత మీద కూర్చోబెట్టారు. కాబట్టి 112 కనిపిస్తే, కనీసం ఒక కాలుష్యకం తన హద్దు దాటిందని అర్థం. ఎన్ని దాటాయో మాత్రం ఆ అంకె చెప్పదు.

ఇక లెక్క

ఒక్కో కాలుష్యకానికి వచ్చే అంకెను ఉపసూచీ అందాం. మోతాదు ఏ మెట్టులో పడిందో చూడండి. ఆ మెట్టు అడుగు నుంచి మోతాదు ఎంత పైకి వెళ్లిందో, మెట్టు మొత్తం ఎత్తులో అది ఎన్నో వంతో కనుక్కోండి. సూచీ వైపు కూడా అదే వంతు ఎక్కండి. అంతే.

మన గాలి రోజుకు సగటులు ఇలా వచ్చాయనుకుందాం: పీఎం 10 మోతాదు 118, పీఎం 2.5 మోతాదు 42, నైట్రోజన్ డయాక్సైడ్ 22, సల్ఫర్ డయాక్సైడ్ 8, ఓజోన్ 46, కార్బన్ మోనాక్సైడ్ 0.7 మిల్లీగ్రాములు, అమ్మోనియా 14.

పీఎం 10తో మొదలుపెడదాం. 118 పడేది 100కు, 250కి మధ్య మెట్టులో. మెట్టు ఎత్తు 150. అడుగు నుంచి 18 పైకి వచ్చాం. సూచీ వైపు ఈ మెట్టు 100 నుంచి 200 వరకు, అంటే ఎత్తు 100. 18ని 100తో గుణించి 150తో భాగిస్తే 12. అడుగున ఉన్న 100కు కలిపితే 112.

పీఎం 2.5 మోతాదు 42 పడేది 30కి, 60కి మధ్య. అడుగు నుంచి 12 పైకి. మెట్టు ఎత్తు 30, సూచీ వైపు ఎత్తు 50. 12ను 50తో గుణించి 30తో భాగిస్తే 20. అడుగున ఉన్న 50తో కలిపి 70.

మిగతావన్నీ మొదటి మెట్టు దాటలేదు కాబట్టి నోటి లెక్కే. నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్‌లకు మొదటి మెట్టు 40 దాకా ఉంటుంది, 22కు 28 (27.5ను పైకి సవరిస్తే), 8కి 10 వస్తాయి. ఓజోన్‌కు మెట్టు 50 దాకా, కాబట్టి 46కు 46. కార్బన్ మోనాక్సైడ్‌కు 1 మిల్లీగ్రాము దాకా, 0.7కు 35. అమ్మోనియాకు 200 దాకా, 14కు దాదాపు 4.

పట్టికలో 101, 61 అని ముద్రించి ఉన్నా నేను 100, 60 నుంచి మొదలుపెట్టడం గమనించే ఉంటారు. మండలి సొంత లెక్కల పట్టికలోనూ ఇలాగే మెట్ల మధ్య ఖాళీ లేకుండా చేస్తారు. అచ్చు పట్టికలోని అంకెలనే పట్టుకుంటే ఫలితం ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ అవుతుంది, దానికి గాబరా పడనక్కర్లేదు.

ఇప్పుడు మీ కాగితం మీద ఏడు ఉపసూచీలున్నాయి: 112, 70, 46, 35, 28, 10, 4. వీటిలో పెద్దది 112. ఆ రోజు సూచీ అదే. దాని పక్కన, ముఖ్య కాలుష్యకం పీఎం 10 అని రాసుకోండి. ఈ రెండో ముక్క రాసుకోకపోతే మొదటి ముక్క సగమే ఉపయోగపడుతుంది. ఎందుకంటే 112కు కారణం రోడ్డు దుమ్మా, పొగా అన్నది అంకెలో ఉండదు.

పెద్దదాన్నే ఎందుకు? సగటు తీస్తే పోదా?

ఈ సందేహం న్యాయమైనదే, కాబట్టి చేసి చూద్దాం. ఏడు ఉపసూచీల మొత్తం 305. ఏడుతో భాగిస్తే దాదాపు 44. అంటే, బాగుంది! దుమ్ము జాతీయ హద్దు దాటిన రోజున ఆకుపచ్చ రంగు వేసి, ఉబ్బసం ఉన్నవాళ్లను వాకింగుకు పంపినట్టవుతుంది. పోనీ కూడికే ఉంచుదామంటే 305, మరీ పేలవం. అదీ అబద్ధమే. ఆ గాలి అంత చెడ్డది కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ రోజు అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ యంత్రాలు మరమ్మతులో ఉన్నాయనుకోండి. ఆ రెండూ తీసేస్తే మొత్తం 291, ఐదింటి సగటు 58. గాలి రవ్వంత కూడా మారలేదు, రెండు యంత్రాలు ఆగాయి, సూచీ మాత్రం 44 నుంచి 58కి ఎక్కి రంగు మారిపోయింది. ఒక ఊళ్లో ఏడు యంత్రాలు, మరో ఊళ్లో నాలుగే ఉంటే ఇక పోల్చడానికి వీలే ఉండదు. పెద్దదాన్ని తీసుకునే పద్ధతిలో ఈ గొడవ లేదు. ఏడు ఉన్నా ఐదు ఉన్నా 112 అలాగే నిలుస్తుంది. పదో తరగతిలో తెలుగులో తొంభై వచ్చినా లెక్కల్లో తప్పితే తప్పినట్టే కదా, ఇదీ అంతే.

అయితే ఆ పెద్ద అంకె ఇచ్చే యంత్రమే ఆగిపోతే? పీఎం 10 యంత్రం ఒక్కటి ఆగితే సూచీ 112 నుంచి ఉన్నపళంగా 70కి దిగుతుంది. రెండు దుమ్ము యంత్రాలూ ఆగితే 46, ఓజోన్ పుణ్యమా అని, బాగుంది! మూడింటిలో ఒకటి తప్పకుండా దుమ్ము కొలత అయి ఉండాలన్న నియమం ఇందుకే. సూచీ ఒక్కరోజులో సగానికి పడిపోయిందంటే వాన పడిందో లేదో చూడండి. వాన లేకపోతే ముఖ్య కాలుష్యకం పేరు చూడండి. నిన్న పీఎం 10 అని, ఇవాళ ఓజోన్ అని ఉంటే గాలిని మెచ్చుకునే ముందు యంత్రాన్ని అనుమానించాలి.

మన దగ్గర ఎప్పుడూ దుమ్మే ఎందుకు గెలుస్తుంది?

తిరగేసి లెక్క కడితే తేలిపోతుంది. ఆ రోజు సల్ఫర్ డయాక్సైడ్ ఉపసూచీ 112 కావాలంటే మోతాదు ఎంత ఉండాలి? దానికి మధ్యస్థం మెట్టు 80 నుంచి 380 దాకా, అంటే సూచీలో ఒక్క పాయింటుకు 3 మైక్రోగ్రాములు. 12 పాయింట్లకు 36, మొత్తం 116. మన ఉదాహరణలో ఉన్నది 8. నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఇదే లెక్కన 92 కావాలి, ఉన్నది 22. పీఎం 10కు కావలసింది 118, సరిగ్గా అంతే ఉంది. వాయువులు పోటీకి రావాలంటే నాలుగింతలు, పద్నాలుగింతలు పెరగాలి. ఎండిన నేల, తక్కువ వాన, నిలవని గాలి ఉన్న ఊరికి దుమ్ము మాత్రం కష్టపడకుండానే హద్దు దగ్గరికి చేరుతుంది. జాతీయ ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో అనంతపురంతో పాటు కర్నూలు, కడప కూడా ఉండటానికి కారణం ఈ రేణువులే.

ఇప్పుడు ఈ లెక్కలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే సంగతి. దుమ్ము అంటే రెండు రకాలు కదా, వాటిలో ఏది గెలుస్తుంది? పట్టికను మళ్లీ చూడండి. సూచీ 50, 100 దగ్గర పీఎం 2.5 హద్దు, పీఎం 10 హద్దులో 60 శాతం (30కి 50, 60కి 100). అంటే ఆ ప్రాంతంలో, మొత్తం దుమ్ములో సన్నదుమ్ము 60 శాతం దాటితే తప్ప పీఎం 2.5 పైకి రాదు. మన మట్టి దుమ్ములో అంత ఉండటం కష్టం. మన ఉదాహరణలో 42ను 118తో పోలిస్తే 36 శాతమే. కానీ సూచీ 200 దగ్గరికి వెళ్లండి. అక్కడ హద్దులు 90, 250. నిష్పత్తి 36 శాతానికి పడిపోయింది! 100కు, 200కు మధ్య పీఎం 10 కొలబద్ద 150 మైక్రోగ్రాములు సాగితే, పీఎం 2.5 కొలబద్ద 30కే ముగుస్తుంది. ఆ మెట్టులో సన్నదుమ్ము ఒక్క మైక్రోగ్రాము పెరిగితే సూచీ మూడు పాయింట్లకు పైగా ఎగబాకుతుంది, ముతక దుమ్ము అంతే పెరిగితే ఒక్క పాయింటు కూడా ఎక్కదు.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. సన్నదుమ్ము 45 శాతం ఉన్న గాలిని తీసుకోండి. పీఎం 10 మోతాదు 90, పీఎం 2.5 మోతాదు 40.5 అయితే ఉపసూచీలు 90, 68. పీఎం 10 గెలిచింది. అదే మిశ్రమం రెట్టింపైతే 180, 81. ఉపసూచీలు 153, 170. ఇప్పుడు పీఎం 2.5 గెలిచింది. దుమ్ము స్వభావం ఏమీ మారలేదు, ఎక్కువైందంతే. ఈ 45 శాతం గాలికి రెండూ సరిసమానమయ్యే చోటు పీఎం 10 మోతాదు 160, సూచీ 140. దాని కింద పేరు పీఎం 10ది, పైన పీఎం 2.5ది. కాబట్టి ముఖ్య కాలుష్యకం మారింది కనుక కాలుష్యం వచ్చే చోటు కూడా మారిందని వెంటనే తీర్పు చెప్పేయకూడదు. ఆ మాట అనాలంటే రెండు మోతాదుల నిష్పత్తి చూడాలి.

నిష్పత్తి నిజంగానే మారే రోజులూ ఉంటాయి. జనవరి తెల్లవారుజామున గాలి కదలదు, చలికి పొగ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, చెత్తకుప్పలు, చలిమంటలు తోడవుతాయి. అలాంటి రోజుకు పీఎం 10 మోతాదు 148, పీఎం 2.5 మోతాదు 78 అనుకుందాం. ఉపసూచీలు 132, 160. సూచీ 160, ముఖ్య కాలుష్యకం పీఎం 2.5. సన్నదుమ్ము వాటా 36 నుంచి 53 శాతానికి పెరిగింది. ఇక్కడ మాత్రం పొగను అనుమానించడం సబబే.

రెండు యాప్‌లు రెండు మాటలు చెబితే

కొన్ని విదేశీ యాప్‌లు అమెరికా కొలబద్దను వాడతాయి. మన గాలి రోజు అంకెలనే అందులో వేస్తే పీఎం 2.5 మోతాదు 42కు ఉపసూచీ 117, పీఎం 10 మోతాదు 118కి 82 వస్తాయి. ఎందుకంటే అక్కడ పీఎం 10 మోతాదు 154 దాటితే గానీ సూచీ 100 దాటదు, పీఎం 2.5 మాత్రం 35 దాటగానే దాటేస్తుంది. ఒక యాప్ 112, ఇంకోటి 117. దాదాపు ఒకటే కదా అనిపిస్తుంది. కానీ మన సూచీ పీఎం 10ను తప్పు పడుతుంటే, అమెరికాది పీఎం 2.5ను తప్పు పడుతోంది. అంకెలు దగ్గరగా రావడం కాకతాళీయం. పోల్చే ముందు ఏ దేశపు కొలబద్దో చూడండి, లేదా నేరుగా మోతాదులనే పోల్చండి. పైగా అలాంటి యాప్‌లు చాలావరకు తాజా గంట కొలతకే సూచీ కట్టి చూపిస్తాయి. ఇందాకటి రోడ్డు తవ్వకం 600 అక్కడ భయపెట్టే అంకెగా కనిపిస్తుంది.

సూచీ దాచేది

పెద్దదాన్ని ఏరే పద్ధతికి ఒక లోపం ఉంది, అది దాని కింద ఉన్నవాటిని కనిపించనివ్వదు. మన గాలి రోజున ఓజోన్ ఉపసూచీ 46 బదులు 110 ఉన్నా సూచీ 112గానే ఉండేది. ఒక కాలుష్యకం హద్దు దాటిన రోజు, రెండు దాటిన రోజు ఒకే రంగులో కనిపిస్తాయి.

దీనికి అవతలి వైపూ ఉంది. మునిసిపాలిటీ వారు రోడ్ల మీద నీళ్లు చల్లించి పీఎం 10 మోతాదును 118 నుంచి 60కి దించారనుకుందాం. ముతక దుమ్ము తగ్గింది, సన్నది పెద్దగా తగ్గలేదు, 42 దగ్గరే ఉంది. సూచీ 60 అవుతుందని ఆశిస్తాం. కాదు, 70 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ఇప్పుడు పెద్దది పీఎం 2.5. ఆ తర్వాత ఇంకో పది ట్యాంకర్ల నీళ్లు చల్లి పీఎం 10ను ఇంకా దించినా సూచీ అక్కడి నుంచి కదలదు. నీళ్లు వృథా అయ్యాయని కాదు. అక్కడి నుంచి కిందికి దించాలంటే పొగ మీద పని చేయాలి. ఇలాంటి చోట సూచీని కాక, ఏడు ఉపసూచీలనూ పక్కపక్కన రాసిపెట్టుకున్నవారికే జరిగింది అర్థమవుతుంది.

రోజూ చేత్తో చేయలేం అనుకుంటే కంప్యూటర్లో లెక్కల పట్టికకు అప్పగించండి. B2 గడిలో పీఎం 10 సగటు, C2లో పీఎం 2.5 సగటు వేసి, వేరే రెండు గడుల్లో ఈ సూత్రాలు పెట్టండి:

```
=IF(B2<=100,B2,IF(B2<=250,100+(B2-100)*100/150,IF(B2<=350,200+(B2-250),IF(B2<=430,300+(B2-350)*100/80,400+(B2-430)*100/80))))

=IF(C2<=60,C2*50/30,IF(C2<=90,100+(C2-60)*100/30,IF(C2<=120,200+(C2-90)*100/30,IF(C2<=250,300+(C2-120)*100/130,400+(C2-250)*100/130))))
```

500 దాటిన ఫలితాన్ని 500గానే తీసుకోండి. సూత్రం సరిగ్గా ఎక్కిందో లేదో చూడటానికి B2లో 250, C2లో 90 వేయండి. రెండు గడుల్లోనూ 200 రావాలి. తర్వాత 118, 42 వేస్తే 112, 70 వస్తాయి. రాకపోతే ఎక్కడో కుండలీకరణం జారిపోయినట్టు, ఎడమ నుంచి ఒక్కో మెట్టునూ సరిచూసుకుంటూ రండి.